రాత్రి నిద్ర లేపే తిమ్మిరి: మెడదా, మణికట్టుదా?

డాక్టర్ గారూ, నా వయసు 46. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర సాయంత్రం పూట జొన్నరొట్టెలు చేసి అమ్ముతాను. నాలుగు నెలలుగా రాత్రి రెండు మూడు గంటలకు కుడిచేతి వేళ్లన్నీ తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. లేచి కూర్చుని చేయి దులుపుకుంటే కాసేపటికి తగ్గుతుంది. ఒక్కోసారి నొప్పి భుజం దాకా పాకుతుంది. ఈ మధ్య ఎడమచేతికి కూడా మొదలైంది. మెడకు ఎక్స్‌రే తీసి ఎముకలు అరిగాయన్నారు. రెండు నెలలుగా మెడకు కాలర్ వేసుకుంటున్నా ఏమీ తేడా లేదు. మా పుట్టిల్లు మర్రిగూడ మండలం, పెళ్లయ్యే దాకా బోరు నీళ్లే తాగాను. ఫ్లోరైడ్ మెడ నరాలకు పట్టిందేమో, పక్షవాతం వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, నల్లగొండ

అమ్మా, ఈ రాత్రి మెలకువ రాగానే చేయి దులపకండి. ఒక్క నిమిషం ఓర్చుకుని లైటు వేసి, ఎడమచేతి వేలితో కుడిచేతి వేళ్ల కొసలను ఒక్కొక్కటిగా మెల్లగా తాకి చూడండి. ముందు చిటికెన వేలు తాకండి. తర్వాత బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. చివరికి ఉంగరపు వేలును రెండు పక్కలా విడివిడిగా తాకండి, మధ్యవేలి వైపు ఒకసారి, చిటికెన వేలి వైపు ఒకసారి. ఏది మొద్దుగా ఉందో, ఏది మామూలుగా ఉందో పొద్దున్నకల్లా మరిచిపోతారు కాబట్టి అప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. కాగితం మీద చేయి ఆనించి పెన్నుతో చుట్టూ గీత గీసుకుంటే ఇంకా సులువు. మొద్దుబారిన చోట గీతలు కొట్టండి చాలు. వారం రోజులు ఇలా చేయండి. ఆ కాగితం మీరు తీయించుకున్న మెడ ఎక్స్‌రే కంటే ఎక్కువ చెబుతుంది.

మీరు వేళ్లన్నీ అని రాశారు. నా దగ్గరికి ఇదే బాధతో వచ్చినవాళ్లు దాదాపు అందరూ మొదట అలాగే అంటారు. నిద్రమత్తులో చేయంతా మొద్దుబారినట్టే అనిపిస్తుంది మరి. ఒక్కో వేలూ తాకి చూడమంటే, రెండు మూడు రోజుల తర్వాత వచ్చి, "చిటికెన వేలు బాగానే ఉంది సార్, నేనే సరిగ్గా చూసుకోలేదు" అంటారు. చిటికెన వేలు బాగుండి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో మధ్యవేలి వైపు సగం మొద్దుబారితే, నరం నలుగుతున్నది చాలావరకు మణికట్టు దగ్గరే. ఒకే వేలు సగం మొద్దుబారి సగం బాగుండడం మెడ నరాల వల్ల మామూలుగా జరగదు. ఆ సగం గీత ఒక్కటే ఎన్నోసార్లు నాకు దారి చూపించింది.

అదెలాగో చెబుతాను. మణికట్టు దగ్గర, అరచేయి మొదలయ్యే చోట ఒక ఇరుకైన సందు ఉంటుంది. కింద, పక్కల చిన్నచిన్న ఎముకలు, పైన ఒక మందపాటి గట్టి పట్టీ. దాన్నే కార్పల్ టన్నెల్ అంటారు. వేళ్లను మడిచే తొమ్మిది టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి తాళ్లు, ఆ సందులోంచే వెళతాయి. వాటితో పాటు ఒకే ఒక్క నరం వెళుతుంది. దాని పేరు మీడియన్ నరం. నేను చెప్పిన ఆ మూడున్నర వేళ్లకు స్పర్శ ఇచ్చేది అదే. చిటికెన వేలి నరం వేరు, అది ఈ సందులోంచి పోదు. తాళ్ల చుట్టూ ఉండే పొర కాస్త ఉబ్బినా, ఒంట్లో నీరు చేరినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. తాళ్లు గట్టివి, తట్టుకుంటాయి. మెత్తగా ఉన్న నరం నలుగుతుంది, దానికి రక్తం సరిగ్గా అందదు. తిమ్మిరి మొదలవుతుంది.

ఇది రాత్రే ఎందుకు వస్తుందంటే, నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు లోపలికి మడుచుకుపోతుంది. తల కింద పెట్టుకుంటాం, చెంప కింద పెట్టుకుంటాం. మణికట్టు మడిచినా, వెనక్కి విరిచినా ఆ సందులో ఒత్తిడి పెరుగుతుంది. పగలంతా నిలబడితే కాళ్లలో చేరిన నీరు పడుకున్నప్పుడు ఒళ్లంతా సర్దుకుని చేతులకూ వస్తుంది. పైగా నిద్రలో చేయి గంటల తరబడి కదలదు. లేచి దులిపితే మణికట్టు తిన్నబడి, వేళ్లు కదిలి, నరానికి మళ్లీ రక్తం అందుతుంది. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఆ దులుపుకోవడమే. "రాత్రి తిమ్మిరి వస్తే ఏం చేస్తారు?" అని అడిగితే, థర్మామీటరు విదిలించినట్టు చేయి విదిలించి చూపించేవాళ్లలో ఎక్కువమందికి జబ్బు మణికట్టులోనే దొరుకుతుంది.

భుజం దాకా పాకే నొప్పి దగ్గరే చాలామంది దారి తప్పుతారు, కొన్నిసార్లు డాక్టర్లు కూడా. నరం మణికట్టులో నలిగినా నొప్పి మోచేతికి, భుజానికి ఎగబాకగలదు. కాబట్టి భుజం నొప్పి ఉన్నంత మాత్రాన మెడ అని తేల్చకూడదు. నొప్పి పైకి ఎక్కినా, తిమ్మిరి మాత్రం వేళ్లలోనే ఉంటుంది. మోచేయి కింద చర్మం, బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే అరచేతి భాగం మీద చర్మం మామూలుగానే ఉంటాయి. ఆ భాగానికి స్పర్శ ఇచ్చే చిన్న కొమ్మ, నరం సందులోకి దూరకముందే విడిపోతుంది కాబట్టి అది నలగదు. రాత్రి కాగితం మీద గీసేటప్పుడు ఆ చోటు కూడా తాకి చూడండి.

మెడలో నరం నలిగితే కథ వేరేలా నడుస్తుంది. నాకు బాగా గుర్తున్న ఒకాయన మునుగోడు వైపు నుంచి వచ్చాడు, పత్తి రైతు. మధ్యవేలు, చూపుడువేలు తిమ్మిరి. రాత్రి నిద్ర లేదు. విన్నంతవరకు మీ ఉత్తరంలాగే ఉంటుంది. కానీ ఆయన చేయి దులుపుకోవడం లేదు, చేయి ఎత్తి తల మీద పెట్టుకుని కూర్చునేవాడు. అలా పెట్టుకుంటేనే హాయి అన్నాడు. మెడ దగ్గర నరం లాగుడు తగ్గడం వల్ల వచ్చే హాయి అది. నొప్పి రెక్క ఎముక లోపలి అంచు దగ్గర మొదలై, చేయి వెనకవైపు నుంచి తీగలా కిందికి జారేది. పైకి చూసి తలను ఆ వైపుకు వంచితే చేతిలోకి కరెంటు కొట్టినట్టయ్యేది. పగలు కూడా అంతే. కుర్చీ చేతుల మీద ఆనుకుని లేవబోతే ఆ చేయి జారిపోయేది, అంటే మోచేయిని చాచే కండరం బలం తగ్గింది. ఆ కండరానికి, మధ్యవేలికి ఒకే మెడ నరం పోతుంది, ఏడోది. అక్కడ డిస్క్ జరిగిందని ఎమ్మారై చెప్పింది. ఆపరేషన్ లేకుండానే రెండున్నర నెలల్లో తేరుకున్నాడు. మెడ నరం నొప్పి చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో బాగా తగ్గుతుంది.

ఇక మీ ఎక్స్‌రే. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి, నరం కనిపించదు. నలభై దాటినవాళ్లను, మెడనొప్పి అసలు లేనివాళ్లను తెచ్చి ఫొటో తీసినా చాలామందికి ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది. జుట్టు నెరిసినట్టే అది. మీకు ఎముక అరిగిన మాట నిజమే కావచ్చు. వేళ్ల తిమ్మిరికి అదే కారణమని మాత్రం ఆ ఫొటో చెప్పలేదు. రెండు నెలలు కాలర్ వేసుకున్నా అణువంత తేడా రాలేదంటే నా అనుమానం మణికట్టు మీదకే ఇంకా పోతోంది. కాలర్ తీసేయండి. ఎక్కువ రోజులు వేసుకుంటే మెడ కండరాలు బలహీనపడతాయి, అది కొత్త బాధ.

ఫ్లోరైడ్ సంగతి మీరు అడగకపోయినా నేనే అడిగేవాణ్ని. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నుంచి వచ్చినవాళ్లను ఆ ప్రశ్న వేయకుండా పంపను. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగితే ఎముకలు దట్టపడతాయి, వాటిని కలిపి ఉంచే పట్టీలు గట్టిపడి ఎముకలా మారతాయి. వెన్నులో అలా జరిగితే వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది, అప్పుడు నరాలు నలగడం నిజంగానే జరుగుతుంది. కాబట్టి మీ భయం ఉత్తిది కాదు. కానీ అలా నలిగితే కనిపించే గుర్తులు వేరు. మెడ, నడుము కర్రలా బిగుసుకుపోతాయి. గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, కింద కూర్చుని లేవడం కష్టమవుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా కాళ్లలో తేడా వస్తుంది. నడిస్తే కాళ్లు బిర్రుగా ఉంటాయి, చీకట్లో తూలినట్టవుతుంది, చెప్పు జారిపోయినా తెలియదు. రెండు చేతులూ మొద్దుబారి జాకెట్ హుక్కులు పెట్టుకోవడం, బియ్యంలో రాళ్లు ఏరడం చేతకాదు. మూత్రం ఆపుకోలేకపోవడం, ఆగి ఆగి రావడం ఉంటుంది. వీటిలో ఒక్కటి కనిపించినా ఈ ఉత్తరం పక్కన పెట్టి వెంటనే న్యూరో డాక్టరును కలవండి, మెడకు ఎమ్మారై తీయించాలి. అది వారాలు వాయిదా వేసే జబ్బు కాదు.

అలాంటివేమీ లేకపోయినా మీ పుట్టింటి నీళ్ల గురించి ఒక మామూలు పరీక్షతోనే కొంత తెలుసుకోవచ్చు. ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయించండి. ఫ్లోరోసిస్ ముదిరినవాళ్లలో ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొర గట్టిపడి, ఎముక అంచు గరుకుగా, ముళ్లలా కనిపిస్తుంది. చూపు అలవాటైన డాక్టరు దాన్ని గుర్తుపడతాడు. అది ఉంటే మెడనూ జాగ్రత్తగా చూడాలి, లేకపోతే మీ మనసులో బరువు కొంత దిగుతుంది.

పక్షవాతం గురించి కూడా చెప్పాలి. నాలుగు నెలలుగా రాత్రి వచ్చి, దులిపితే పోయే తిమ్మిరి పక్షవాతానికి సూచన కాదు. అది ఉన్నట్టుండి వస్తుంది, మూతి వంకర పోవడం, మాట తడబడడం, ఒక పక్క చేయి కాలు పడిపోవడం ఉంటాయి. అలాంటప్పుడు 108కి ఫోన్ చేయాలి.

పగలు ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. రెండు చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి వేలాడేలా, ముంజేతులు అడ్డంగా పెట్టి అరవై సెకన్లు అలాగే ఉంచండి. గట్టిగా నొక్కవద్దు. ఆ నిమిషంలోపు అవే మూడున్నర వేళ్లలో రాత్రి వచ్చే తిమ్మిరే వస్తే మణికట్టు మీద అనుమానం బలపడుతుంది. రాకపోయినా జబ్బు లేదని కాదు, ఈ పరీక్ష కొందరిలో తప్పిపోతుంది. తర్వాత కూర్చుని మెల్లగా పైకి చూస్తూ తలను కుడి వైపుకు వంచండి. మెడలో మాత్రమే కాస్త లాగితే దాన్ని పట్టించుకోకండి. చేతిలోకి తీగలా నొప్పి దిగితే అక్కడే ఆపేసి ఆ సంగతి కూడా కాగితం మీద రాయండి.

ఇప్పుడు చేయవలసినది. మెడికల్ షాపులో రిస్ట్ స్ప్లింట్ అని అడగండి. క్రేప్ బ్యాండేజీ, సాగే బట్ట పట్టీ పనికిరావు. లోపల అల్యూమినియం పట్టీ ఉన్నది కావాలి. ఇక్కడ ఒక పొరపాటు ఎప్పుడూ జరుగుతుంది. కొనే స్ప్లింట్లలో ఆ లోహపు పట్టీ తరచుగా వెనక్కి వంగి ఉంటుంది, అలాగే కట్టుకుంటే మణికట్టు విరిచి పెట్టినట్టవుతుంది, సందులో ఒత్తిడి తగ్గదు. పట్టీని బయటికి తీసి, బల్ల మీద పెట్టి నొక్కి తిన్నగా చేసి మళ్లీ దూర్చండి. కట్టుకున్నాక చేయి, ముంజేయి ఒకే గీతలో ఉండాలి, వేళ్లు పూర్తిగా మడవగలగాలి. బిగించి కట్టకూడదు, బిగిస్తే అదే తిమ్మిరి తెస్తుంది. రాత్రి పడుకునేటప్పుడు మాత్రమే, కనీసం ఆరు వారాలు, ఒక్క రాత్రీ మానకుండా వేసుకోండి. మొదటి మూడు నాలుగు రోజులు నిద్రకు అడ్డంగానే ఉంటుంది. నాలుగో రోజు విసుగొచ్చి పక్కన పడేసి, "వేసుకున్నాను, తగ్గలేదు" అని వచ్చేవాళ్లే ఎక్కువ.

రొట్టెల పని మానమని చెప్పను, అది మీ బతుకుతెరువు. కానీ వేడినీళ్లు పోసి జొన్నపిండి పిసికేటప్పుడు అరచేయి మడమతో, మణికట్టు వెనక్కి విరిచి, ఒంటి బరువంతా వేస్తాం. రోజూ గంటల తరబడి అలా నొక్కుతుంటే మణికట్టుకు అదే పెద్ద దెబ్బ. పిసికే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించి తట్టడం, కాల్చడం మీరు చూసుకోండి. ఎవరూ లేకపోతే పిండి చిన్న ముద్దలుగా పిసకండి. పీట కాస్త కిందికి ఉంటే మోచేయి తిన్నగా ఉండి బరువు భుజం నుంచి దిగుతుంది, మణికట్టు అంతగా విరగదు.

స్ప్లింట్ మొదలుపెట్టే వారంలోనే రెండు రక్తపరీక్షలు చేయించండి, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, షుగరు. రెండు చేతులకూ వస్తున్నప్పుడు ఇవి మరీ ముఖ్యం. పదేళ్ల కింద పుట్టపాక వైపు ఊరి నుంచి ఒకామె వచ్చింది, చీరెల నూలుకు చిటికి కట్టే ఆమె, వయసు 52. రోజంతా బొటనవేలు, చూపుడువేలు బిగించి పట్టే పని. ఎనిమిది నెలలు మెడకు కాలర్, మెడకు మసాజు, మెడకు సూదులు. వేరే చోట ఎవరూ ఆమె చేయి పట్టుకుని చూడలేదు. నేను చిటికెన వేలు తాకితే బాగుంది, ఉంగరపు వేలు సగం మొద్దు. ముఖం ఉబ్బి, గొంతు బొంగురు, చలి ఎక్కువ అంది. టీఎస్‌హెచ్ చాలా ఎక్కువగా వచ్చింది. థైరాయిడ్ తగ్గినప్పుడు ఒంట్లో కణజాలాలు ఉబ్బి ఆ సందు ఇరుకవుతుంది. థైరాయిడ్ మాత్ర, రాత్రి స్ప్లింట్, అంతే. రెండో నెల చివరికి రాత్రి లేవకుండా పడుకుంది. ఆ ఎనిమిది నెలల్లో మెడకు పెట్టిన డబ్బు గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇలాంటి తిమ్మిరికి బి12 మాత్రలు, నరాల మాత్రలు నెలల తరబడి రాసివ్వడం మామూలైపోయింది. బి12 తక్కువగా ఉందని పరీక్షలో తేలితే వేసుకోవాలి. నరం సందులో నలుగుతుంటే మాత్ర ఆ సందును వెడల్పు చేయదు.

ఆరు వారాలకు తగ్గకపోతే నరాల పరీక్ష, అంటే నర్వ్ కండక్షన్ స్టడీ చేయించాలి. చిన్న కరెంటు షాకులిచ్చి మణికట్టు దగ్గర నరం ఎంత నెమ్మదిగా పనిచేస్తోందో కొలుస్తారు, కాస్త చురుక్కుమంటుంది. హైదరాబాదు నిమ్స్‌లో చేస్తారు. మొదట్లో ఇది కొందరికి మామూలుగానే రావచ్చు, అందుకే మీ గీతల కాగితం పారేయకండి. మెడలోనూ మణికట్టులోనూ రెండు చోట్లా నలిగిన సందర్భాలు కూడా ఉంటాయి, ఎక్కడ ఎంత అన్నది తేల్చడానికి అప్పుడు ఈ పరీక్ష బాగా పనికొస్తుంది. తర్వాతి మెట్టు మణికట్టులో ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్. చాలామందికి వారాల్లోనే హాయినిస్తుంది, కొందరికి కొన్ని నెలల తర్వాత మళ్లీ వస్తుంది. షుగరు ఉంటే ముందే చెప్పండి, ఆ ఇంజెక్షన్ తర్వాత కొన్నాళ్లు షుగరు పెరుగుతుంది.

ఆరు వారాలు ఆగకూడని పరిస్థితి ఒకటుంది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి, బొటనవేలి కింద ఉబ్బెత్తు కండ చూసుకోండి. కుడిచేతిది పల్చబడి గుంట పడినట్టుంటే, తిమ్మిరి పగలు కూడా వదలకుండా ఉంటే, అరచేయి పైకి పెట్టి బొటనవేలిని నింగి వైపు ఎత్తినప్పుడు ఎవరైనా మెల్లగా నొక్కితేనే పడిపోతుంటే, నరం దెబ్బతింటోందన్నమాట. అప్పుడు స్ప్లింట్‌తో కాలం గడపకుండా ఆపరేషన్ గురించి సర్జనుతో మాట్లాడాలి. అది పెద్ద ఆపరేషన్ కాదు. చేతికి మాత్రమే మత్తిచ్చి, అరచేతిలో రెండు మూడు సెంటీమీటర్లు కోసి ఆ గట్టి పట్టీని తెంచుతారు. మామూలుగా అరగంటలోపు అయిపోతుంది, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. పది పద్నాలుగు రోజులకు కుట్లు తీస్తారు. రాత్రి తిమ్మిరి చాలామందికి కొద్దిరోజుల్లోనే పోతుంది. అరచేయి మడమ మాత్రం రెండు మూడు నెలలు నొక్కితే నొప్పిగా ఉంటుంది, మీ పనికి అది అడ్డమే. ఆపరేషన్ అంటూ చేయించుకుంటే ముందు ఒక చేతికే చేయించుకుని, పిండి పిసకడానికి నెలన్నర వేరే మనిషిని చూసుకోండి. ఒకసారి ఎండిపోయిన కండ మాత్రం ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, అందుకే ఆ గుంట సంగతి ఈ రోజే చూసుకోమంటున్నాను.

ఎడమచేతికి కూడా స్ప్లింట్ కొనండి. రెండూ ఒకేసారి కట్టుకుని పడుకోలేకపోతే ఎక్కువ బాధపెట్టే కుడిచేతికి ముందు కట్టండి. వారం తర్వాత ఆ గీతల కాగితం, టీఎస్‌హెచ్, షుగరు ఫలితాలు, మెడ ఎక్స్‌రే పట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎక్స్‌రే చివర్లో ఇవ్వండి, ముందు కాగితం చూపించండి.